"బానే ఉంది" తర్వాత మాట ఎలా సాగుతుంది: ఇంటర్ పిల్లలున్న ఇళ్ళకు ఒక సమగ్ర మార్గదర్శి

విజయనగరంలో సాయంత్రం ఆరున్నర దాటాక, ఇంటర్ చదివే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఇంచుమించు ఇవే మాటలు వినపడతాయి. "వచ్చావా?" "ఆఁ." "కాలేజీ ఎలా ఉంది?" "బానే ఉంది." "ఏం చెప్పారీరోజు?" "ఏం లేదు." "తింటావా?" "తర్వాత." ఆపైన గది తలుపు, ఫ్యాన్ స్విచ్, చెవిలో ఇయర్‌ఫోన్లు. రేపు సాయంత్రం మళ్ళీ ఇదే.

నేను ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతాను. ఇంట్లో "ఏం లేదు" అనే పిల్లలే స్టాఫ్ రూమ్ బయట నిలబడి అరగంట మాట్లాడటం తరచూ చూస్తుంటాను. కాబట్టి మాట వాళ్ళ దగ్గర లేక కాదు. అది ఏ వేళప్పుడు, ఎలాంటి ప్రశ్నకు, ఎవరి ముందు బయటికొస్తుందన్నదే అసలు విషయం. ఇక్కడ నేను రాస్తున్నది పదిహేను నుంచి పదిహేడేళ్ళ మధ్య ఉండి, రోజూ ఇంటికి వచ్చే పిల్లల గురించి. పెద్ద గొడవలేమీ లేని, మాట మాత్రం తగ్గిపోయిన ఇళ్ళ గురించి. హాస్టల్ పిల్లల సంగతి చివర్లో విడిగా చెబుతాను.

మొదటి మెట్టు: మీ ప్రశ్న వాళ్ళకెలా వినపడుతోందో చూడండి

"కాలేజీ ఎలా ఉంది?" అనేది నిజానికి పలకరింపు. వీధిలో ఎవరైనా "భోజనాలయ్యాయా?" అంటే "ఆఁ, అయ్యాయండి" అంటాం గానీ ఏం కూర వండామో చెప్పం కదా. పిల్లలూ అదే మర్యాద పాటిస్తున్నారు. పలకరింపుకు పలకరింపు ఇచ్చి వెళ్ళిపోతున్నారు.

ఇక "టెస్ట్ పెట్టారా? ఎన్నొచ్చాయి? పక్కన ఎవరు కూర్చున్నారు?" అనేవి తనిఖీ ప్రశ్నలు. మీ మనసులో ప్రేమే ఉండొచ్చు. కానీ ఆ ప్రశ్నకు తప్పు జవాబంటూ ఒకటుందని, అది చెబితే క్లాసు పీకుతారని పిల్లలకు తెలుసు. అందుకే వీలైనంత తక్కువ చెప్పి గండం గట్టెక్కుతారు.

2000లో స్వీడన్‌లో పనిచేసే హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు పరిశోధకులు పద్నాలుగేళ్ళ పిల్లల మీద చేసిన ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. పిల్లలు ఎక్కడికెళ్తున్నారో, ఎవరితో తిరుగుతున్నారో కొందరు తల్లిదండ్రులకు బాగా తెలుస్తుంది. అది వాళ్ళకెలా తెలిసిందన్నదే ప్రశ్న. గుచ్చి గుచ్చి అడగడం వల్లనో, కట్టడి చేయడం వల్లనో కాదు, చాలావరకు పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లేనని తేలింది. అంటే మన పని ప్రశ్నల సంఖ్య పెంచడం కాదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పే సందర్భాలు పెంచడం.

కాబట్టి ముందుగా ఓ వారం రోజులు గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నలన్నీ మానేయండి. "వచ్చావా నాన్నా, మంచినీళ్ళు అక్కడున్నాయి" అంటే చాలు. కొన్ని ఇళ్ళలో ఈ ఒక్క మార్పుకే పిల్లలు గదిలోంచి కాస్త ముందుగా బయటికి రావడం కనిపిస్తుంది. రాకపోయినా ఫరవాలేదు. మీ గొంతు వినగానే వాళ్ళ భుజాలు బిగుసుకోకపోతే అదే ఫలితం.

రెండో మెట్టు: వేళ చూసుకోండి

ఇంటికొచ్చిన మొదటి అరగంట, ముప్పావుగంట దేనికీ పనికిరాదు. పొద్దున్న ఏడింటికే గజపతినగరం నుంచో, నెల్లిమర్ల నుంచో బస్సెక్కి, రోజంతా బెంచీ మీద కూర్చుని వచ్చిన పిల్లకి అప్పుడు కావాల్సింది తిండి, కాస్త ఒంటరితనం.

మంచి వేళ రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్యలో దొరుకుతుంది. దీనికి శరీరంలోనే కారణం ఉంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ ఈ వయసులో ఆలస్యంగా విడుదలవుతుంది. మనకు ఆవలింతలు వచ్చే వేళకు వాళ్ళు ఇంకా చురుగ్గా ఉంటారు. చాలామంది అమ్మలు గమనించే ఉంటారు: లైట్లు తీసేసి పడుకోబోతుంటే, అప్పుడొచ్చి గుమ్మానికి ఆనుకుని "అమ్మా, ఒకటి చెప్పనా?" అంటారు. ఆ క్షణంలో "పొద్దున్న చెబుదువులే, పడుకో" అన్నామంటే ఆ మాట పొద్దున్నకి ఉండదు. అయితే ఈ వయసు వాళ్ళకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, పొద్దున్నే బస్సు ఉంది. అందుకని ఓ పదిహేను నిమిషాలు కూర్చోండి, దాన్ని అర్ధరాత్రి సభగా మార్చకండి.

రెండో సంగతి, ఎదురెదురుగా కూర్చోకండి. "ఇలా రా, నీతో మాట్లాడాలి" అని కుర్చీ లాగితే అది విచారణే. పక్కపక్కన ఉండి, చేతులకు ఏదో ఒక పని ఉండి, కళ్ళు ఆ పని మీద ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, మేడ మీద ఆరేసిన బట్టలు తేవడం, కొబ్బరికాయ కోరడం, బండి తుడవడం, ఏదైనా సరే. పని ఉంటే మౌనం ఇబ్బందిగా అనిపించదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళిపోవచ్చన్న ధైర్యమూ ఉంటుంది.

బండి మీద తీసుకెళ్తూ మాట్లాడితే పిల్లలు మనసు విప్పుతారని చాలామంది చెబుతారు. కారున్న వాళ్ళకది నిజమే. మన ఊళ్ళో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర హారన్లలో, హెల్మెట్ లోపల, నాన్నకి ఒక్క ముక్క వినపడదు. పిల్లాడు ధైర్యం చేసి ఓ మాట అంటే నాన్న వెనక్కి తిరిగి "ఏటీ? ఏటన్నావ్?" అని గట్టిగా రెండుసార్లు అడుగుతాడు. అంతటితో ఆ మాట చచ్చిపోతుంది. బండి మీద కాదు, బండి ఆపాక. పెద్ద చెరువు వైపో, శ్రీకాకుళంలో అయితే నాగావళి గట్టు వైపో పోనిచ్చి, ఓ పొట్లం ముంత మసాలా కొని, బండికి ఆనుకుని ఇద్దరూ ఒకే వైపు చూస్తూ నిలబడండి. మాట రాకపోతే తినేసి ఇంటికి రండి. "మాట్లాడదామనే తీసుకొచ్చాను" అని మాత్రం చెప్పకండి.

మూడో మెట్టు: ప్రశ్నతో మొదలుపెట్టకండి

"ఈరోజు నిన్ను బాగా నవ్వించిందెవరు?", "ఈరోజుకి పదికి ఎన్ని మార్కులేస్తావు?" లాంటి తెలివైన ప్రశ్నల జాబితాలు ఫోన్లో తిరుగుతుంటాయి. నాకు వాటి మీద పెద్దగా నమ్మకం లేదు. మొదటి రోజు పిల్లలు నవ్వుతారు, మూడో రోజుకి "ఆరు" అంటారు, వారానికి అదీ "బానే ఉంది"లో కలిసిపోతుంది. ఏ ఇంటి పిల్లనైనా అడగగలిగే ప్రశ్నకు, ఏ పిల్లైనా ఇవ్వగలిగే జవాబే వస్తుంది.

వాటికంటే బాగా పనిచేసేవి రెండున్నాయి.

ఒకటి, మీ రోజులోంచి ఒక చిన్న ముక్క చెప్పడం. గంటస్తంభం దగ్గర ఎలక్ట్రికల్ షాపున్న నాన్న ఇలా చెప్పొచ్చు: "ఇవాళ ఒకాయన నిన్న కొన్న ఫ్యాను పట్టుకొచ్చి, గాలి రావట్లేదని ఒకటే గొడవ. చూస్తే ఉల్టా తిరుగుతోంది. వైర్లు మార్చి ఇస్తే, మొన్నటిదాకా బానే ఉందంటాడు. నిన్ననే కొన్నాడు కదా, మొన్నెక్కడిది?" అంతే, అక్కడితో ఆపేయాలి. "అందుకే చదువుకోవాలి అంటాను" అని చివర్లో తగిలించారంటే మొత్తం పోయినట్టే. నీతి వస్తోందని పిల్లలు ఆమడ దూరం నుంచే పసిగడతారు. వెంటనే వాళ్ళూ ఏదో చెబుతారని ఎదురుచూడొద్దు. ఇంట్లో రోజు గురించి చెప్పుకోవడం ఇలా కూడా ఉంటుందని వాళ్ళకు అలవాటు కావాలి, అంతే.

రెండోది, మీరు చూసిన దాన్ని చూసినట్టు చెప్పడం. తీర్పు ఉండకూడదు, ప్రశ్న గుర్తూ ఉండకూడదు. "ఎందుకలా డల్‌గా ఉన్నావ్?" అంటే "ఏం లేదే, బానే ఉన్నాను" అని వస్తుంది. "ఇవాళ బ్యాగ్ పెట్టేసి అలాగే కాసేపు కూర్చుండిపోయావు" అంటే దానికి అవునని, కాదని చెప్పే పని లేదు. చెప్పాలనిపిస్తే తర్వాతి మాట వాళ్ళదే.

ఇంతకుముందు వాళ్ళు చెప్పిన చిన్న సంగతుల్ని గుర్తుపెట్టుకుని, వాటి దగ్గర్నుంచి మళ్ళీ ఎత్తుకోవడం ఇందులో భాగమే. "ఆ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్ పగలగొట్టినతను, డబ్బులు కట్టించారా చివరికి?" అనే ప్రశ్న మీరు మాత్రమే అడగగలరు, మీ పిల్ల మాత్రమే జవాబు చెప్పగలదు. చాలామంది నాన్నలకు పిల్లల స్నేహితుల మార్కులు తెలుసు గానీ, వాళ్ళలో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో తెలియదు. పిల్లల లెక్కలో పెద్ద వార్తంటే రెండోదే.

నాలుగో మెట్టు: జవాబు వచ్చాక ఏం చేస్తారన్నదే అసలు పని

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970లలో తరగతి గదుల్ని గమనించి ఒక సంగతి కనిపెట్టారు. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగి, జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు, అంతకంటే ఎక్కువకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకూ నోరు విప్పని వాళ్ళూ మాట్లాడటం మొదలుపెట్టారు. మూడు సెకన్లంటే ఏముందనిపిస్తుంది గానీ, ఇంట్లో ప్రయత్నించి చూడండి. మనసులో "ఒకటీ, రెండూ, మూడూ" అనుకునే లోపే నోటిదాకా ఏదో ఒక సలహా వచ్చేస్తుంది. దాన్ని ఆపడమే కష్టమైన పని.

ఆగడంతో పాటు ఒక చిన్న పద్ధతి నేర్చుకోండి. వాళ్ళ వాక్యంలోని చివరి మాటనే మెల్లగా తిరిగి అనండి. "ఇవాళ ల్యాబ్ బోరు." "బోరు." "ఆఁ, సార్ రాలేదు, ఊరికే కూర్చోబెట్టారు." "ఊరికే కూర్చోబెట్టారా." "అంటే ఊరికే అని కాదు..." ఇక్కడి నుంచి మాట నడుస్తుంది. ఎగతాళిలా వినపడకూడదు, ప్రతి మాటకీ చేయకూడదు. నాలుగైదు మాటలకి ఒకసారి చాలు. మిగతా చోట్ల "ఊఁ", "అయితే?", "తర్వాతేమైంది?" సరిపోతాయి.

"ఎందుకు" అనే మాటని ఈ సంభాషణల్లోంచి వీలైనంత పక్కన పెట్టండి. మన ఇళ్ళలో "ఎందుకు" అంటే కారణం అడగడం కాదు, సంజాయిషీ అడగడం. "ఎందుకు లేటైంది?", "ఎందుకు తక్కువొచ్చాయి?" విని విని, ఆ మాట రాగానే పిల్లలు తమని తాము కాపాడుకునే పనిలో పడతారు. "ఏమైంది?", "ఎలా జరిగింది?" అన్నవి అదే విషయాన్ని బెదురు లేకుండా అడుగుతాయి.

ఒక రాత్రి మాటలు, మొదటి నుంచి చివరి దాకా

ఇదంతా కలిసి ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, ఎన్నో ఇళ్ళలో జరిగేదే. అబ్బాయికి పదహారేళ్ళు, ఎంపీసీ మొదటి సంవత్సరం. వారం రోజులుగా లంచ్ క్యారేజీలో అన్నం మిగిలిపోయి వస్తోంది. రాత్రి పావు తక్కువ పది. అమ్మ వంటగదిలో కింద కూర్చుని రేపటికి చిక్కుడుకాయలు బాగు చేస్తోంది. వాడు మంచినీళ్ళ కోసం వచ్చాడు.

"ఈ వారం క్యారేజీలో అన్నం మిగులుతోంది," అంది, తల ఎత్తకుండా.

"ఆకలెయ్యట్లేదు."

సాధారణంగా ఇక్కడ "ఆకలెందుకెయ్యదు? బయట ఆ పునుగులు తింటున్నావేటి?" అని వస్తుంది. దానికి "లేదు" అని జవాబొస్తుంది, కథ అయిపోతుంది. ఈ అమ్మ "ఊఁ" అని ఊరుకుంది. నాలుగు కాయలు వలిచేంతసేపు ఎవరూ మాట్లాడలేదు. వాడు గ్లాసు కడిగి పెట్టి, వెళ్ళకుండా గట్టుకి ఆనుకున్నాడు.

"టైం కూడా సరిపోవట్లేదు."

"టైం సరిపోవట్లేదు."

"అంటే, సెక్షన్ మార్చారు కదా. ఇప్పుడు మాది మూడో అంతస్తు. కిందకి దిగేసరికి లేటవుతోంది."

"సెక్షన్ మార్చారు కదా" అన్నాడు గానీ, ఆ సంగతి ఇంట్లో చెప్పడం ఇదే మొదటిసారి. అంత పెద్ద వార్తని పాత వార్తలా మధ్యలో దూర్చేశాడు. ఈ వయసు పిల్లలు తరచూ ఇలాగే చేస్తారు. మీరెలా తీసుకుంటారో చూడటానికి సంచీ మూతి కొంచెం విప్పుతారు. ఇక్కడ "సెక్షన్ మార్చారా! మార్కులు తగ్గాయా? ఎన్నొచ్చాయి? మరి చెప్పలేదేం?" అని నాలుగు ప్రశ్నలు గుప్పిస్తే మార్కుల సంగతి తెలుస్తుంది. మిగతాది ఎప్పటికీ తెలియదు.

"మూడో అంతస్తుకి మార్చారు," అంది అమ్మ.

"ఆఁ. వీక్లీ టెస్ట్ బట్టి."

"మిగతావాళ్ళో?"

"వాళ్ళు కిందే ఉన్నారు. పాత సెక్షన్‌లోనే." కాసేపు ఆగాడు. "నేను దిగేసరికి వాళ్ళు తినడం మొదలెట్టేస్తారు. బల్ల దగ్గర చోటుండదు."

"అయితే ఒక్కడివే తింటున్నావు."

"తినట్లేదు. లైబ్రరీలో కూచుంటున్నాను."

అన్నం మిగలడం దగ్గర మొదలైంది. ఆకలి లేదన్నాడు, తర్వాత టైం లేదన్నాడు, తర్వాత సెక్షన్ మారిందన్నాడు. అసలు సంగతి నాలుగో పొరలో ఉంది: స్నేహితులు జారిపోతున్నారు, పక్కన ఎవరూ లేకుండా తింటే అందరూ చూస్తారని సిగ్గు. రెండో పొర దగ్గరే ఆగిన అమ్మ టిఫిన్ బాక్సు మార్చేది. మూడో పొర దగ్గర ఆగిన నాన్న ట్యూషన్ పెట్టించేవాడు. రెండూ వాడి బాధకు సంబంధం లేని మందులే. నేను గమనించినంత వరకు పిల్లలు మొదట చెప్పే కారణం అబద్ధం కాదు, చెప్పడానికి తేలికైనది. అందుకే మొదటి కారణం వినగానే పరిష్కారంలోకి దూకకూడదు.

ఇప్పుడు తర్వాతి మాట.

"అది కష్టమేరా," అంది. తర్వాత కొంచెం ఆగి, "నేనేమైనా చెయ్యాలా? ఊరికే వింటే చాలా?"

"ఏం చెయ్యొద్దు. కాలేజీకి ఫోన్ చెయ్యకు."

"చెయ్యను."

"నాన్నకి చెప్పకు."

ఇక్కడ చాలామంది అమ్మలు "సరే, చెప్పను" అనేస్తారు. రెండ్రోజులకి నాన్నకి ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు అమ్మ మాట పోతుంది. నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వాలి. ఈ అమ్మ ఇలా అంది: "సెక్షన్ మారిన సంగతి నాన్నకి తెలియాలి. నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా? లంచ్ సంగతి మాత్రం నా దగ్గరే ఉంటుంది."

"నువ్వే చెప్పు. నేను లేనప్పుడు చెప్పు."

అంతే. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు. సలహా ఒక్కటీ లేదు. "కొత్త సెక్షన్‌లో ఫ్రెండ్స్‌ని చేసుకో" అన్న మాట అమ్మ నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. కానీ అది వాడికి తెలియనిది కాదు.

ఐదో మెట్టు: మర్నాడు

మర్నాడు గుమ్మంలోనే "ఇవాళ ఎవరితో తిన్నావు?" అని అడిగితే రాత్రి చెప్పినదంతా తనిఖీ ఖాతాలో చేరిపోతుంది. రెండు మూడు రోజులు దాని ఊసే ఎత్తకండి. కావాలంటే చేత్తో చేసే పని చేయండి: తొందరగా తినగలిగేది, ఇంకొకరికి పెట్టగలిగేది పెట్టండి. పులిహోర ఒకరికి సరిపడా కాక కాస్త ఎక్కువగా పెట్టి, దాని గురించి ఏమీ అనకండి. నాలుగో రోజు, పక్కపక్కన పనిలో ఉన్నప్పుడు, వాడి మాటే వాడండి: "ఆ మూడో అంతస్తు ఎలా ఉంది?" జవాబు "బానే ఉంది" అనే రావొచ్చు. ఈసారి ఆ "బానే ఉంది" వెనక ఏముందో మీకు కొంత తెలుసు. గొంతు చూసి, తేలిగ్గా ఉంటే వదిలేయండి.

ఇక అన్నిటికంటే ఎక్కువగా మాట ఆగిపోయేది ఎక్కడంటే, పిల్లలు చెప్పింది చుట్టాల దాకా వెళ్ళినప్పుడు. మనవి గోడకి గోడ కలిసిన ఇళ్ళు, పిన్నికీ అత్తకీ రోజూ ఫోన్లు. "మావాడికి పాపం కాలేజీలో ఎవరూ ఫ్రెండ్స్ లేరంట" అని ప్రేమతోనే అంటాం. ఆ ఏడాది సిరిమాను చూడ్డానికి బంధువులంతా వచ్చినప్పుడు, మేడ మీద అందరి ముందూ మావయ్య వాడి వీపు మీద చరిచి "ఏరా, లైబ్రరీలో లంచ్ చేస్తున్నావంటగా!" అంటాడు. ఆయనకి అది హాస్యం. వాడికి మాత్రం ఆ రోజుతో అమ్మ దగ్గర తలుపు మూసుకుపోతుంది. అలాగే తర్వాతెప్పుడో కోపంలో "అందుకే నిన్ను ఆ సెక్షన్‌లో పడేశారు" అని వాళ్ళు చెప్పినదాన్నే వాళ్ళ మీదకి విసరడం. ఇలా ఒక్కసారి జరిగిన ఇంట్లో పైన చెప్పిన మెట్లన్నీ చేసినా నెలల తరబడి ఫలితం కనపడదు. అప్పుడు చేయగలిగింది ఒక్కటే. "నువ్వు చెప్పింది బయట చెప్పాను, అది తప్పు, ఇకపై చెప్పను" అని ఒకసారి సూటిగా అని, నిజంగానే చెప్పకుండా ఉండటం.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది

గంటల తరబడి కబుర్లు చెబుతారని చూడకండి, కొందరు పిల్లల స్వభావమే అది కాదు. మీరు అడగని సంగతి ఒకటి వాళ్ళంతట వాళ్ళు చెప్పారంటే పని చేస్తోంది. మీతో విభేదించి "అలా కాదు నాన్నా" అన్నారంటే ఇంకా బాగా పని చేస్తోంది. "ఆఁ, సరే, ఓకే" అని తల ఊపే పిల్లకంటే ఎదురు చెప్పే పిల్ల మీకు దగ్గరగా ఉన్నట్టు. మాట పెరిగిందా లేదా అని మాత్రం వాళ్ళనే అడక్కండి.

నోటితో చెప్పలేనివి రాసి చెప్పే పిల్లలూ ఉంటారు. పక్క గదిలోంచే వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తే, లేచి వెళ్ళి "ఏటైంది, ఎదురుగా చెప్పొచ్చు కదా" అనకుండా అక్కడే జవాబివ్వండి. చిన్న జవాబు చాలు. ఆ దారిని వాళ్ళే ఎంచుకున్నారు.

హాస్టల్ పిల్లలతో ఆదివారం ఫోన్

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచీ విశాఖ హాస్టళ్ళకు వెళ్ళే ఇంటర్ పిల్లలు ఎక్కువే. ఫోన్ దొరికేది వారానికోసారి, కొన్ని నిమిషాలు. వెనక వరుసలో మిగతా పిల్లలు నిలబడి ఉంటారు. అక్కడ మనసు విప్పడం కుదరని పని, కుదరాలని పట్టుబట్టకండి. ఇంట్లో స్పీకర్ పెట్టి నాన్న, అమ్మ, మామ్మ, తమ్ముడు వంతులవారీగా "తిన్నావా? బాగా చదువుతున్నావా?" అంటే ఆ కాస్త సమయం దానికే సరిపోతుంది. ఒక్కో వారం ఒక్కరు మాట్లాడండి. తిండి, చదువు వదిలేసి ఇంటి వార్త ఒకటి చెప్పండి: పెరట్లో పనసచెట్టు కాపు గురించో, పక్కింటి కుక్క పిల్లల్ని పెట్టడం గురించో. చుట్టూ జనం ఉన్నారనుకుంటే "ఇప్పుడు మాట్లాడే వీలుందా?" అని అడగండి. అవునూ కాదుల్లో జవాబివ్వగలిగే ప్రశ్న పనికొచ్చే చోటు ఇది. ముందే ఒక మాట అనుకోవడం ఇంకా మంచిది. ఉదాహరణకి "తాతయ్య కాలు నొప్పి తగ్గిందా?" అని పిల్ల అడిగిందంటే, వచ్చి కలవమని అర్థం. కలవడానికి వెళ్ళినప్పుడు అందరూ కలిసి వెళ్ళి విజిటర్స్ హాల్లో క్యారేజీ విప్పి కూర్చోవడం కంటే, ఒక్కరే వెళ్ళి, ఔటింగ్ అడిగి, ఓ గంట బయట నడవడం మేలు.

ఈ పద్ధతులు సరిపోని చోటు

మౌనం వేరు, ముడుచుకుపోవడం వేరు. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి బాగా మారిపోయినా, ఇష్టమైన ఆటా పాటా పూర్తిగా వదిలేసినా, స్నేహితులందర్నీ ఒకేసారి దూరం పెట్టినా, ఒంటి మీద గాయాలు దాస్తున్నా, ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తున్నా, "నేను లేకపోతే అందరూ హాయిగా ఉంటారు" లాంటి మాట వచ్చినా, చిక్కుడుకాయల దగ్గర కూర్చుని ఎదురుచూసే సమయం కాదది. పరీక్షల ముందు, ఫలితాలు వచ్చే రోజుల్లో ఇంకా జాగ్రత్తగా చూడాలి. అప్పుడు సూటిగా అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు.

అవునన్నా, తేల్చి చెప్పకపోయినా, వాళ్ళని ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు ఇంట్లోంచి తీసేయండి. రహస్యంగా ఉంచుతానన్న మాట ఇక్కడ వర్తించదు, ఆ సంగతి వాళ్ళకీ చెప్పండి: "ఇది నా ఒక్కదాని దగ్గర ఉంచుకోలేను, నీకు సాయం తెస్తాను." టెలీ మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. తల్లిదండ్రులు కూడా దానికి ఫోన్ చేసి ఏం చేయాలో అడగొచ్చు. ఎవరైనా పెద్దవాళ్ళు ఇబ్బంది పెడుతున్నారని పిల్ల చెబితే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్. విశాఖ వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అయితే ప్రాణానికి ముప్పనిపిస్తే అంత దూరం చూడకుండా ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి, లేదా 108కి ఫోన్ చేయండి.